ద్రాక్షారామం గుడి దగ్గర పూల కొట్టు పెట్టాలంటే

ప్రశ్న: మా ఇల్లు ద్రాక్షారామం భీమేశ్వరస్వామి గుడికి దగ్గరలోనే, భక్తులు నడిచే దారిలో ఉంది. మా వారు ఆటో నడుపుతారు. నాకు దండలు కట్టడం వచ్చు. దాచుకున్న డబ్బు 30,000 రూపాయలు ఉంది. కార్తీకంలో వచ్చే జనాన్ని చూసినప్పుడల్లా మా అరుగు మీదే పూలు, దండలు, పూజ సామాను పెట్టుకోవాలనిపిస్తుంది. ఎంత సరుకు తేవాలి? దేనితో మొదలుపెట్టాలి? కార్తీకం వెళ్లిపోయాక కొట్టు నడుస్తుందా? ఎక్కడ నష్టం వస్తుందో ముందే చెప్పగలరా?
— ఒక గృహిణి, ద్రాక్షారామం

సమాధానం: నష్టం ఎక్కడ వస్తుందో మీరు చివర అడిగారు గానీ, నేను దానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ మిగిలిన ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే ఉంది. పూల కొట్టులో డబ్బు పోయేది అమ్మకం ధర తక్కువై కాదు, సాయంత్రానికి బుట్టలో మిగిలిపోయిన పూల వల్ల. దండ మీద సగానికి సగం లాభం కనిపిస్తుంది కాబట్టి కొత్తగా పెట్టినవారు ఎంత ఎక్కువ తెస్తే అంత ఎక్కువ మిగులుతుందని అనుకుంటారు. ఒక మామూలు సోమవారం లెక్క వేసి చూద్దాం. ఇక్కడ నేను వాడే ధరలు లెక్క తెలియడానికి అనుకున్నవే. పూల ధర రోజుకో తీరుగా ఉంటుంది కనుక మీరు తెచ్చిన రోజు ధరతో ఇదే లెక్కను మళ్లీ వేసుకోవాలి.

కిలో 50 రూపాయల చొప్పున 5 కిలోల బంతి, కిలో 120 చొప్పున 3 కిలోల చామంతి, 150 రూపాయల గులాబీలు, కనకాంబరాలు తెచ్చారనుకోండి. దారానికి, ఆకులకు మరో 40 వేస్తే సరుకు 800 రూపాయలు, రవాణాలో మీ వంతు 100 కలిపితే ఖర్చు 900. 5 కిలోల బంతికి 18 దండలు వచ్చి ఒక్కొక్కటి 30కి పోతే 540, చామంతిని 10 రూపాయల పొట్లాలుగా కిలోకు 20 చేస్తే 600, గులాబీలు, కనకాంబరాల మీద 260, అంతా కలిపి 1,400. మొత్తం అమ్ముడైతే మీకు 500 మిగులుతుంది. అయితే నాలుగో వంతు అమ్ముడుపోకపోతే వచ్చేది 1,050, మిగిలేది 150 మాత్రమే. మూడో వంతు మిగిలిపోతే ఆ రోజు మీరు పొద్దుటి నుంచి వేళ్లు నొప్పి పుట్టేలా కట్టిన కష్టానికి దాదాపు ఏమీ ఉండదు. అదే రోజు సరుకును ముందే నాలుగో వంతు తగ్గించి తెచ్చి ఉంటే ఖర్చు 700, అమ్మకం 1,050, మిగులు 350. అంటే ఎక్కువ తెచ్చి నాలుగో వంతు పారేసిన రోజు కంటే తక్కువ తెచ్చి మధ్యాహ్నానికే బుట్ట ఖాళీ చేసిన రోజు మీ చేతికి రెట్టింపు పైగా వస్తుంది. కాబట్టి మొదటి రెండు నెలలు మీకు అమ్ముడవుతుందని తోచిన దానికంటే తక్కువే తెండి. పూలు అయిపోయాక వచ్చిన భక్తుడికి వత్తులు, కర్పూరం, కొబ్బరికాయ ఇవ్వగలిగితే అతనూ ఖాళీ చేతులతో వెళ్లడు, మీకూ బేరం పూర్తిగా పోదు.

కిలో బంతికి ఎన్ని దండలు వస్తాయన్నది పువ్వు పరిమాణాన్ని బట్టి, దండ పొడవును బట్టి మారుతుంది. అందుకే మొదటి వారం ప్రతి రకాన్నీ ఒక కిలో తూచి, కట్టి, లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసుకోండి. తొడిమలు, నలిగిన పూలు ఏరేశాక కిలోలో ఎంత తరుగు పోతుందో కూడా అందులోనే రాయాలి. ధర పెట్టవలసింది ఆ తరుగు పోగా మిగిలిన పూల మీద.

ఇక మిగులు తగ్గించే రెండో మార్గం కట్టే పద్ధతిలో ఉంది. విడి పువ్వు నిలిచినంతసేపు గుచ్చిన పువ్వు నిలవదు. సూది దిగిన చోట బంతి, చామంతి త్వరగా నల్లబడతాయి. చేతి నైపుణ్యం ఉన్నవారు తెల్లవారేసరికి దండలన్నీ కట్టి వరుసగా వేలాడదీస్తారు, చూడటానికి కొట్టు నిండుగా ఉంటుంది గానీ ఆ దండ ఆ రోజు పోకపోతే మర్నాటికి పనికిరాదు. తెచ్చిన పూలలో మూడో వంతు మాత్రమే ముందుగా కట్టి ఉంచి, అవి పోతున్న కొద్దీ మిగతావి కొట్టు దగ్గరే కూర్చొని కట్టండి. విడిగా మిగిలిన చామంతి చల్లని చోట ఉంచితే రెండు మూడు రోజులు ఆగుతుంది, బంతి మర్నాడు కూడా అమ్ముకోదగినట్టే ఉంటుంది. మల్లె, కాగడా, లిల్లీ అలా కాదు. అవి ఏ రోజువి ఆ రోజే. మల్లెమొగ్గ కోసిన సాయంత్రానికే విచ్చుకుంటుంది, ఆ తర్వాత దానికి వెల లేదు. మొదటి నెలలో వీటి జోలికి పోకండి. ఎవరైనా ముందుగా చెప్పి పెట్టుకుంటే అంతవరకే తెప్పించండి. పెద్ద గజమాలలు, వాహనాలకు కట్టే దండలు కూడా బయానా తీసుకున్నాకే కట్టాలి.

నిల్వ విషయంలో చాలామంది చేసే పని పూల మీద నీళ్లు చల్లుతూ ఉండటం. బంతి, చామంతి రేకుల మధ్య నీరు నిలిస్తే లోపలి నుంచి కుళ్లు మొదలవుతుంది. పూలను కాదు, కింద పరిచిన గోనెను, పైన కప్పిన గుడ్డను తడపాలి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఉంచితే పూలు చెమర్చి వేడెక్కుతాయి. మార్కెట్ నుంచి మూట రాగానే విప్పి, నీడలో పలచగా పరిచి, వేడి తగ్గాక తట్టల్లో సర్దుకోండి. మూర పూలు కట్టడానికి తడిపిన అరటి నార వాడితే అది తేమను పట్టి ఉంచుతుంది, దారంలా కాడను కోయదు. మీ ప్రాంతంలో అరటికి కొదవ లేదు కదా, నారకు, పొట్లం కట్టే ఆకుకు వేరే ఖర్చు పెట్టవలసిన అవసరం రాకపోవచ్చు. పలచని ప్లాస్టిక్ కవర్లు ఎలాగూ నిషేధంలో ఉన్నాయి. అరటి ఆకులోనో బాదం ఆకులోనో కట్టిన పువ్వు ఎక్కువసేపు తాజాగా ఉంటుంది కూడా.

కొనుగోలుకు మీకు కడియపులంక పూల మార్కెట్ అందుబాటులో ఉంది, ఇది చిన్న సౌకర్యం కాదు. అయితే ఏడెనిమిది కిలోల కోసం మీ వారి ఆటోను అంతదూరం ప్రత్యేకంగా పంపితే ఇంధనమే లాభాన్ని తినేస్తుంది. మామూలు రోజుల్లో మీ ఊళ్లోని, రామచంద్రపురంలోని కొట్లకు సరుకు తెచ్చే బండిలో మీ మూటను కూడా వేయించుకొని కిరాయి పంచుకోండి. మీ సొంత ఆటో పండుగ ముందు రోజులకు ఉపయోగపడుతుంది. తొలి పది రోజులు మాత్రం మీరే స్వయంగా మార్కెట్‌కు వెళ్లడం అవసరం, ఎందుకంటే పువ్వును చేత్తో పట్టి చూడటం ఒకరు చెబితే వచ్చేది కాదు. మూట మధ్యలోకి చెయ్యి పెట్టండి. వేడిగా తగిలితే అది రాత్రంతా బిగించి ఉన్న సరుకు, సాయంత్రం దాకా ఆగదు. ఒక పువ్వు తీసి రేకులు విడదీసి అడుగు చూడండి. అక్కడ గోధుమ రంగు కనిపించినా, పులిసిన వాసన వచ్చినా వదిలేయండి. పిడికిట నొక్కితే నీరు కారుతోందంటే వానకు తడిసినదైనా అయి ఉండాలి, బరువు కోసం తడిపినదైనా అయి ఉండాలి. రెండు విధాలా మీరు నీటికి పూల ధర ఇస్తున్నట్టే. కార్తీకం మన కోస్తాలో తుపానుల కాలం కూడా కనుక ఈ పరీక్ష ఆ నెలలో మరీ ముఖ్యం. వాన పడిన మర్నాడు ధర పెరుగుతుంది, సరుకు నాణ్యత పడిపోతుంది. అటువంటి రోజున పూలు సగానికి తగ్గించుకోవడమే మంచిది.

ధర ఎందుకు పెరుగుతుందో, ఎందుకు పడుతుందో కూడా తెలుసుకొని ఉండాలి. పండుగలే కాదు, పెళ్లి ముహూర్తాలు కూడా పూల ధరను శాసిస్తాయి. బలమైన ముహూర్తాలున్న వారంలో గుడి దగ్గర జనం లేకపోయినా చామంతి, గులాబి, లిల్లీ ధర పెరిగిపోతుంది. ఆషాఢంలో, మూఢంలో, పుష్య మాసంలో అది తగ్గుతుంది. కాబట్టి గోడకు ఒక పంచాంగం క్యాలెండర్ వేలాడదీసి, మీ ఊరి రద్దీ రోజులను ఒక రంగుతో, ముహూర్తాలను మరో రంగుతో గుర్తుపెట్టుకోండి. రెండూ ఒకే రోజున పడినప్పుడు పొట్లం ధర పెంచడం కంటే పొట్లంలో పూలు తగ్గించి, 10 రూపాయల ధర అలాగే ఉంచడం మేలని నా అభిప్రాయం. గుడి ముందు నిలబడి ధర గురించి వాదించడం భక్తుడికీ ఇష్టం ఉండదు. పండుగ ముందు సాయంత్రం ధర శిఖరంలో ఉంటుంది కనుక నిలిచే చామంతిని రెండు రోజుల ముందు, బంతిని ముందు రోజు పొద్దున్నే తెచ్చుకోండి.

మీది శివక్షేత్రం కనుక మీ కొట్టుకు పూల కంటే ముందు పేరు తెచ్చేది మారేడు దళం. సోమవారాలు, అమావాస్య, చతుర్దశి, అష్టమి వంటి తిథుల్లో మారేడు కోయరాదని ఆచారం ఉంది, అడిగేవారు ఎక్కువగా వచ్చేది సోమవారమే. ఆదివారమే కోయించి, తడి గుడ్డలో చుట్టి ఉంచుకోవాలి. మారేడుకు పాతబడిన దోషం లేదని పెద్దలు చెబుతారు కనుక ముందు రోజు కోసినదని భక్తుడు అభ్యంతరం పెట్టడు. మూడు ఆకులూ నిండుగా ఉండి, పురుగు తినని, చిరగని దళాలను ఏరి, తొడిమ చివర బుడిపె తీసి, పదకొండేసి చొప్పున కట్టలు కట్టండి. ఎవరి పెరట్లో మారేడు చెట్టు ఉందో వెతికి వారితో నెలకు ఇంత అని మాట్లాడుకుంటే దీని ఖర్చు చాలా తక్కువ, మిగిలిపోయినా నష్టం చిన్నది. మొగలి పువ్వు శివపూజకు పనికిరాదన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. మాణిక్యాంబ అమ్మవారి కోసం మాత్రం ఎర్ర గులాబి, కనకాంబరం, పసుపు, కుంకుమ, గాజులు, రవికె గుడ్డ కలిపిన పళ్లెం శుక్రవారాల్లో వేరుగా సిద్ధం చేసుకోవచ్చు. గర్భాలయంలోకి ఏ పూలు తీసుకుంటారో, ఎంత పొడవు దండ స్వీకరిస్తారో అర్చకులను ముందే అడిగి తెలుసుకోండి. దేవుడికి సమర్పించి తీసేసిన దండలను తెచ్చి తిరిగి అమ్మజూపేవారు ఎవరైనా తారసపడితే వారిని మీ అరుగు ఎక్కనివ్వకండి. అది భక్తుడికి చేసే ద్రోహం.

మీ 30,000ను ఎలా పంచాలన్నది చెబుతాను. 12,000 నిల్వ ఉండే పూజ సామానుకు పెట్టండి. 3,000 బల్ల, తట్టలు, ఎండకు పైకప్పు, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటాకు సరిపోవాలి. 5,000 రోజువారీ పూల కొనుగోలుకు తిరిగే డబ్బు. మిగిలిన 10,000 కార్తీక మాసం దాకా ముట్టుకోవద్దు. రోజువారీ వసూలుకు అప్పులిచ్చేవారి దగ్గర పూల కోసం డబ్బు తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. పూలు మిగిలిపోయిన రోజు కూడా వారు వాయిదా అడుగుతారు.

ఆ 12,000లో ఎక్కువ భాగం దీపం సామానుకు వెళ్లాలి. కార్తీక పౌర్ణమి నాడు ఏడాదిలోని రోజులకు లెక్కగా 365 వత్తుల కట్ట వెలిగించడం మన ఇళ్లలో ఆచారం; ఈ కట్టలను పత్తి కొని ఆషాఢం, భాద్రపదం వంటి ఖాళీ రోజుల్లో మీరే చేసి పెట్టుకోవచ్చు. ఇది పాడయ్యే సరుకు కాదు, కూలి మీకే మిగులుతుంది. వీటిని నేతిలో తడిపి అమ్మదలిస్తే నిజంగా ఆవు నేతిలోనే తడపండి. వనస్పతిలో తడిపి ఆవు నేతి వత్తులని చెప్పడం మోసం. దీపారాధన నూనె తినడానికి కాదని సీసా మీద ఉన్న మాట కనబడేలా ఉంచండి. ప్రమిదలు ముందే కొని ఉంచుకోవచ్చు గానీ అరటి దొప్పలు, ఉసిరికాయలు, క్షీరాబ్ది ద్వాదశికి ఉసిరి కొమ్మ, తులసి కొమ్మ ఆయా రోజులకే తెచ్చుకోవాలి. కర్పూరం గాలికి హరించిపోయే వస్తువు కనుక విడి కర్పూరం గాజు సీసాలో బిగించి, అగరవత్తులకు దూరంగా ఉంచండి. కొబ్బరికాయను ఊపి నీటి చప్పుడు విని, కళ్ల దగ్గర చెమ్మ, బూజు లేదని చూసి కొనండి. కుళ్లిన కాయ వచ్చిందని భక్తుడు తిరిగి వస్తే మారుమాట లేకుండా మరొకటి ఇవ్వండి, ఎందుకంటే అతను దాన్ని అపశకునంగా తీసుకుంటాడు.

కొబ్బరికాయ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. దేవాదాయ శాఖ ఆధీనంలోని ఆలయాలు తమ ఆవరణలోని దుకాణాలను, కొన్ని చోట్ల కొబ్బరికాయలు, పూజ సామగ్రి అమ్మే హక్కును బహిరంగ వేలంలో ఇస్తాయి. పాడుకున్నవారు పెద్ద మొత్తం కట్టి ఉంటారు కనుక దేవస్థానం స్థలంలో వేరొకరు బుట్ట పెడితే ఊరుకోరు. మీ అరుగు మీ సొంత స్థలం కాబట్టి ఆ ఇబ్బంది ఉండకూడదు, అయినా దేవస్థానం కార్యాలయంలో వేలం షరతులు ఏ హద్దు వరకు వర్తిస్తాయో అడిగి, పంచాయతీ నుంచి వ్యాపార అనుమతి తీసుకొని, ఆశీలు ఏమైనా కట్టాలేమో తెలుసుకోండి. బల్ల అరుగు దాటి దారిలోకి రాకూడదు. పన్నుల భయం పెట్టుకోనక్కరలేదు. తాజా పూలకు జీఎస్టీ లేదు, ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మే చిన్న కొట్టుకు ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా సాధారణంగా నమోదు అవసరం రాదు.

కార్తీకంలో మీ దగ్గరకు రెండు రకాల భక్తులు వస్తారు. చుట్టుపక్కల ఊళ్లవారు తెల్లవారుజామున సప్తగోదావరిలో స్నానం చేసి దీపం పెట్టుకుంటారు. వారికి మూడు నాలుగు గంటలకే కొట్టు తెరిచి ఉండాలి, కావలసింది దొప్పలు, వత్తులు, విడి పూలు. రెండోవారు పంచారామ యాత్రికులు. ఒకే రోజులో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట చూడాలని ప్రత్యేక బస్సుల్లో వచ్చే వీరికి నిలబడి ఏరుకునే తీరిక ఉండదు. వారి కోసం ఆకులో కొద్ది చామంతులు, ఒక మారేడు కట్ట, రెండు వత్తులు, కర్పూరం బిళ్ల కలిపి ఒకే ధర పొట్లం సిద్ధంగా ఉంచండి, ధర పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఆటో తిప్పే మీ వారికి బస్సులు ఏ వేళకు వస్తున్నాయో ముందే తెలుస్తుంది, పూలు విప్పి పొట్లాలు కట్టే సమయాన్ని దాన్ని బట్టి సర్దుకోండి. అరటి ఆకులు కోసి తెచ్చుకోవడం, చిల్లర సిద్ధం చేసుకోవడం ఆదివారం సాయంత్రానికే అయిపోవాలి.

మిగిలిన పదకొండు నెలలను కేవలం భక్తుల మీద ఆధారపడి నడపలేరు. శ్రావణ శుక్రవారాలు, వినాయక చవితి పత్రి, దసరా, ధనుర్మాసం, మహాశివరాత్రి మధ్యమధ్య ఊతమిస్తాయి గానీ కొట్టు అద్దె లేకపోయినా మీ రోజు గడవాలి కదా. దానికి సరైన ఏర్పాటు వాడుక పూలు. ఊళ్లోని కిరాణా, మందుల, బట్టల కొట్లలో దేవుడి పటానికి రోజూ ఒక దండ, ఇళ్లకు శుక్ర, శనివారాల్లో విడి పూలు నెల లెక్కన ఇస్తామని మాట్లాడుకోండి. ఇరవై కొట్లు కుదిరినా రేపు ఎన్ని దండలు పోతాయో ఈ రాత్రే తెలుస్తుంది. అంతమేరకు మిగులు అన్న మాటే ఉండదు. పొద్దున్న ఆరు గంటలకు కట్టి, మీ వారు ఆటో తీస్తూనే అందించి వెళ్లవచ్చు. నెల జీతంలా వచ్చే ఈ డబ్బు రవాణా ఖర్చును మోస్తుంది, అరుగు మీద అమ్మేది ఆపైన.

ఎప్పుడు మొదలుపెట్టాలన్న దానికి నా సలహా శ్రావణం. కార్తీకంలో మొదలుపెడితే జనమే మీకు తప్పుడు లెక్క నేర్పుతారు. శ్రావణ మాసంలోని శుక్ర, సోమవారాల్లో తెచ్చిన కిలోలు, కట్టిన దండలు, రాత్రికి పారేసిన పూలు పుస్తకంలో రాయండి. ఆశ్వయుజం ముగిసేసరికి పారేసేది తెచ్చినదాంట్లో పదో వంతుకు తగ్గి ఉంటే, పక్కన పెట్టిన 10,000లో సగం కార్తీక సోమవారాల పూలకు, సగం దీపం సామానుకు తీయండి. తగ్గకపోతే ఆ ఏడాది పూలు మామూలు రోజు కంటే రెట్టింపుకు మించకుండా తెచ్చి, 10,000 మొత్తాన్ని వత్తులు, నూనె, ప్రమిదల మీదే పెట్టండి. అమ్ముడుపోని నూనె సీసా శివరాత్రికి అమ్ముడవుతుంది.